బోరు నీళ్ళు, సబ్బు, ఎగ్జిమా మొహం: తంటా ఎక్కడుందో కనిపెట్టడం, సరిచేసుకోవడం

మొహం కడుక్కుని టవల్ అందుకునేలోపే చెంపలు బిగుసుకుపోతాయి. ముక్కు పక్కన, కనురెప్పల మీద చురచురమంటుంది. మధ్యాహ్నానికి కనుబొమ్మల దగ్గర, నోటి చుట్టూ సన్నటి పొట్టు లేస్తుంది. సాయంత్రానికి నవ మొదలై, రాత్రి నిద్రలో తెలియకుండా గోకేస్తే పొద్దున్నకి ఎర్రటి మచ్చలు. కర్నూలు, అనంతపురం, కడప వైపు ఎగ్జిమా ఉన్నవాళ్ళలో చాలామంది చెప్పే వరస ఇదే. వాళ్ళు అక్కడితో ఆగరు. "నీళ్ళు పడటం లేదు" అనుకుని ఇంకా ఖరీదైన సబ్బు కొంటారు, రోజుకు రెండుసార్లు కడిగేవాళ్ళు నాలుగుసార్లు కడుగుతారు. దాంతో మంట ఇంకా పెరుగుతుంది.

ఈ గైడ్ చిన్నప్పటి నుంచి మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక నవ ఉన్నవాళ్ళకు, ఇంట్లో ఆస్తమా, తుమ్ముల అలర్జీ ఉండి మొహం తరచూ ఎర్రబడి పొడిబారేవాళ్ళకు. మందుల గురించి ఇక్కడ కొద్దిగానే ఉంటుంది. రోజూ మొహానికి తగిలే నీళ్ళు, సబ్బు, క్రీము, స్నానం గురించే ఎక్కువ.

ముందు ఇది ఎగ్జిమాయేనా?

మన దగ్గర "తామర" అనే ఒక్క మాటతో రెండు వేర్వేరు జబ్బులను పిలుస్తారు. ఒకటి ఎగ్జిమా, ఇంకొకటి ఫంగస్ వల్ల వచ్చే రింగ్‌వర్మ్. మందుల షాపులో "తామరకు ట్యూబు ఇవ్వండి" అంటే పొరపాటు అక్కడే మొదలవుతుంది. ఫంగస్ తామర గుండ్రంగా ఉంటుంది, అంచు ఎత్తుగా ఎర్రగా ఉండి మధ్యలో చర్మం కొంచెం బాగైనట్టు కనిపిస్తుంది, అంచు రోజురోజుకీ బయటికి జరుగుతుంది. ఎగ్జిమాకు అలాంటి గీసినట్టుండే అంచు ఉండదు. చుట్టూ ఉన్న చర్మంలోకి మెల్లగా కలిసిపోతుంది, సాధారణంగా రెండు చెంపల మీదా ఉంటుంది.

ముక్కు పక్క మడతల్లో, కనుబొమ్మల్లో జిడ్డుగా, పసుపు ఛాయలో పొట్టు ఉండి, తలలో చుండ్రు కూడా ఉంటే అది సెబోరిక్ డెర్మటైటిస్ కావచ్చు. దానికి చుండ్రు మందు కావాలి, క్రీము ఒక్కటే సరిపోదు. పిల్లల చెంపల మీద నవ లేకుండా వచ్చే తెల్లటి పొడి మచ్చలను నులిపురుగులనీ కాల్షియం తక్కువనీ అంటుంటారు. చాలాసార్లు అది ఎగ్జిమాలోనే తేలిక రకం. మాయిశ్చరైజర్ రాస్తూ ఎండ తగలకుండా చూసుకుంటే కొన్ని నెలల్లో రంగు కలిసిపోతుంది.

లక్షణం: కడిగిన పది నిమిషాల్లో బిగుసుకుపోవడం, మంట

ఇదే అసలు సమస్య కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం.

చర్మం పైపొరను బండలు పరిచిన నేలలా ఊహించుకోండి. బండల మధ్య సందుల్లో సిమెంటు బాగుంటే నీళ్ళు కిందికి ఇంకవు, కింది చెమ్మ పైకి రాదు. చర్మంలో ఆ సిమెంటు పని చేసేవి సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. ఎగ్జిమా ఉన్నవాళ్ళలో చాలామందికి పుట్టుకతోనే ఆ సిమెంటు పూత పలచన. చర్మం పైభాగం కొంచెం ఆమ్లంగా, పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉన్నప్పుడే ఆ పూత సరిగ్గా తయారవుతుంది. మామూలు ఒంటి సబ్బు పీహెచ్ 9 నుంచి 10, అంటే క్షారం. సబ్బు రుద్దిన ప్రతిసారీ పూత కొంత కొట్టుకుపోతుంది, పీహెచ్ పైకి ఎక్కుతుంది. మామూలు చర్మం కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. ఎగ్జిమా చర్మం సర్దుకోకముందే మనం మళ్ళీ సబ్బు పట్టుకుంటాం.

ఇక్కడ మన నేల సంగతి కలుస్తుంది. కర్నూలు, కడప జిల్లాల్లో చాలా చోట్ల కింద ఉన్నది సున్నపురాయి. ఇళ్ళలో పరిచే కడప బండలు, బేతంచెర్ల నాపరాళ్ళు ఆ రాయే. దాని గుండా ఊరిన నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. అలాంటి నీళ్ళనే కఠిన నీళ్ళు అంటారు. అనంతపురం వైపు రాయి వేరు, అయినా లోతు బోర్ల నీళ్ళు చాలా చోట్ల కఠినమే. తాగే నీళ్ళకు భారత ప్రమాణం ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఉండొచ్చు, వేరే దారి లేనప్పుడు 600 దాకా. సబ్బు ఈ కాల్షియంతో కలిస్తే నీళ్ళలో కరగని తెల్లటి జిగురు పుడుతుంది. బకెట్టు లోపల చుట్టూ గీతలా పేరుకునేది, బాత్రూం గోడ మీద గోకితే తెల్లగా ఊడేది అదే. మీ చెంప మీద కూడా అదే మిగులుతుంది. ఎన్ని దోసిళ్ళ నీళ్ళు కొట్టినా పూర్తిగా పోదు, ఎందుకంటే కడిగే నీళ్ళలో కూడా కాల్షియమే ఉంది.

మీ ఇంటి నీళ్ళు ఎలాంటివో అయిదు నిమిషాల్లో చూసుకోవచ్చు. మూత ఉన్న రెండు ఖాళీ అర లీటరు బాటిళ్ళు తీసుకోండి. ఒకదాంట్లో మూడో వంతు బోరు నీళ్ళు, ఇంకొకదాంట్లో అంతే ఫిల్టర్ ప్లాంటు క్యాన్ నీళ్ళు పోయండి. మామూలు స్నానపు సబ్బును చాకుతో గోకి, రెండింట్లోనూ చిటికెడు చిటికెడు తురుము వేయండి. షాంపూ, గిన్నెల లిక్విడ్ వాడొద్దు, అవి కఠిన నీళ్ళలోనూ నురుగిస్తాయి కాబట్టి తేడా తెలియదు. మూత బిగించి ఇరవై సార్లు గట్టిగా కుదిపి పక్కన పెట్టండి. ఫిల్టర్ నీళ్ళ బాటిల్లో వేళ్ళ మందాన నురుగు నిలబడి, కింద నీళ్ళు కాస్త తేటగా ఉంటాయి. బోరు నీళ్ళు కఠినమైతే నురుగు పలచగా లేచి కూలిపోతుంది, నీళ్ళు మజ్జిగలా తెల్లబడతాయి, పైన ముక్కలు ముక్కలుగా తెట్టు తేలుతుంది. ఆ తెట్టును వేలితో తీసి రెండు వేళ్ళ మధ్య రుద్ది చూడండి. జిగటగా పట్టుకుంటుంది. మొహం కడిగాక మిగిలేది అదే.

టీడీఎస్ మీటరు అంకె చూసి నిర్ణయించకండి. అది నీళ్ళలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చెప్తుంది, కఠినత్వాన్ని విడిగా చెప్పదు. నీళ్ళు కాచితే కఠినత్వంలో కొంత భాగమే పాత్ర అడుగున తెల్లగా దిగుతుంది. పటిక వేస్తే బురద దిగుతుంది, కాల్షియం దిగదు.

ఇంతదాకా చదివాక చాలామందికి వచ్చే ఆలోచన, ఇంటికి వాటర్ సాఫ్టెనర్ పెట్టించాలని. తొందరపడొద్దు. ఇంగ్లండులో ఎగ్జిమా ఉన్న పిల్లల ఇళ్ళలో సాఫ్టెనర్లు బిగించి చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. మామూలు చికిత్స మీద అదనంగా సాఫ్టెనర్ వల్ల చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. వేలకు వేలు పోసి నీళ్ళు మార్చడం కన్నా, ఆ నీళ్ళతో జిగురు కట్టని క్లెన్సర్‌కు మారడం చవక, సులువు. మార్చాల్సింది సబ్బును.

పరిష్కారం: సబ్బు కాని సబ్బు

చూడటానికి సబ్బులాగే ఉండి సబ్బు కానివి ఉంటాయి. వాటిని సిండెట్ బార్ అంటారు. లోషన్ రూపంలో అయితే జెంటిల్ క్లెన్సర్ అని దొరుకుతాయి. ఇవి కాల్షియంతో తెట్టు కట్టవు, పీహెచ్ 5.5 నుంచి 7 మధ్య తయారు చేయొచ్చు. పెట్టె మీద "మాయిశ్చరైజింగ్", "హెర్బల్", "బేబీ" అని రాసుంటే సిండెట్ అనుకోవద్దు, పిల్లల సబ్బుల్లో చాలా వరకు మామూలు సబ్బులే. వెనక్కి తిప్పి పదార్థాల వరసలో మొదటి రెండు మూడు పేర్లు చదవండి. సోడియం పామేట్, సోడియం పామ్ కెర్నలేట్, సోడియం టాలోవేట్ అని మొదలైతే అది సబ్బు. సోడియం కొకోయిల్ ఐసెథయొనేట్ అని మొదలైతే అది సిండెట్. రెండు రకాలూ కలిపిన బార్లు కూడా ఉన్నాయి, అందుకే ఒక్క పేరు చూసి ఆగిపోవద్దు.

టీఎఫ్ఎం ఎక్కువుంటే చర్మానికి మంచిదన్న మాట ఈమధ్య బాగా పాకింది. టీఎఫ్ఎం 76 శాతం పైన ఉంటే గ్రేడ్ 1 అంటారు నిజమే. అది సబ్బులో అసలు కొవ్వు పదార్థం ఎంతో చెప్పే లెక్క. గ్రేడ్ 1 సబ్బు కూడా క్షారమే, బాటిల్లో వేస్తే అదీ తెట్టు కడుతుంది. ఎగ్జిమా మొహానికి ఆ అంకె పనికిరాదు.

లిక్విడ్ ఫేస్‌వాష్ అయితే సోడియం లారిల్ సల్ఫేట్ లేనిది చూడండి. అలాగే పర్‌ఫ్యూమ్ లేదా ఫ్రాగ్రెన్స్ అనే మాట, లావెండర్, టీ ట్రీ, నిమ్మ నూనెలు, మిథైల్ ఐసోథయాజొలినోన్ అనే ప్రిజర్వేటివ్ లేనివి చూసుకోండి. "అన్‌సెంటెడ్" అంటే వాసన లేదని మాత్రమే. వాసనను కప్పడానికి ఇంకో సుగంధం కలిపి ఉండొచ్చు. "ఫ్రాగ్రెన్స్ ఫ్రీ" అని ఉన్నదాన్ని తీసుకోండి, అయినా వెనక వరస చదవండి.

ఇక కడిగే పద్ధతి. క్లెన్సర్ రోజుకు ఒక్కసారి, రాత్రి చాలు. పొద్దున్న ఉత్త నీళ్ళు. ముందు చేతులు కడుక్కోండి. నీళ్ళు మణికట్టు లోపలి వైపు పోసుకుంటే వేడీ చల్లనా తెలియకూడదు. మొహం తడిపి, బఠాణీ గింజంత క్లెన్సర్‌ను అరచేతుల్లో రుద్ది, వేళ్ళ కొసలతో అరనిమిషం లోపే మొహానికి రాయండి. బార్ అయితే దాన్ని నేరుగా చెంపకు రుద్దకండి, చేతుల్లో నురుగు చేసుకుని ఆ నురుగు పెట్టండి. తర్వాత ఎనిమిది పది దోసిళ్ళ నీళ్ళతో కడగండి. జుట్టు మొదళ్ళు, దవడ అంచు, ముక్కు పక్కలు, చెవుల ముందు భాగం చాలామంది వదిలేసే చోట్లు, మచ్చలు కూడా సరిగ్గా అక్కడే తేలతాయి. నీళ్ళు బాగా కఠినమైతే ఆఖరున ఒక చెంబు ఫిల్టర్ నీళ్ళతో మొహం కడిగి ముగించండి. ఇది తప్పనిసరి కాదు. కొందరికి బిగుతు తగ్గుతుంది, ఖర్చు దాదాపు లేదు కాబట్టి రెండు వారాలు చేసి చూడొచ్చు.

శనగపిండి, సున్నిపిండి, వేపాకు ముద్ద, నిమ్మరసం మానేయండి. పిండి గరుకు, నిమ్మరసం ఘాటైన ఆమ్లం, పసుపు కొందరికి అలర్జీ ఇస్తుంది. పండగ రోజు నలుగు పెట్టుకోవాలంటే ఒంటికి పెట్టుకోండి, మొహాన్ని వదిలేయండి.

లక్షణం: క్రీము రాసినా మధ్యాహ్నానికి పొట్టు

చాలావరకు కారణాలు మూడే: ఆలస్యంగా రాయడం, తక్కువ రాయడం, మన గాలికి సరిపడని రకం రాయడం.

మొహం తుడిచేటప్పుడు టవల్‌ను అద్దండి, రుద్దకండి. చర్మం మీద కాస్త తడి ఉండగానే, మూడు నిమిషాల లోపు క్రీము రాయాలి. పొడిబారాక రాస్తే లోపల పట్టి ఉంచడానికి తేమ మిగలదు. క్రీము డబ్బా బాత్రూం గూట్లోనే ఉంచుకుంటే ఈ అలవాటు దానంతటదే వస్తుంది.

ఎంత రాయాలో తెలుసుకోవడానికి వేలి కొలత ఉంది. పెద్దవాళ్ళ చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబు నుంచి పిండితే సుమారు అర గ్రాము. మొహానికీ మెడకీ కలిపి అలాంటివి రెండున్నర, అంటే 1.25 గ్రాములు. రోజుకు రెండు పూటలకు 2.5 గ్రాములు, నెలకు 75 గ్రాములు. మీరు కొన్న 50 గ్రాముల ట్యూబు మూడు నెలలు వస్తోందంటే, క్రీము మంచిదా కాదా అన్న ప్రశ్నే ఇంకా రాలేదు, మీరు రాస్తున్నది మూడో వంతు కన్నా తక్కువ.

ఇక రకం. మార్చి నుంచి జూన్ మొదటి వారాల దాకా మన ఎండ వేరు. కోస్తాలో చెమట ఆరదు, ఇక్కడ గాలి చెమటను తాగేస్తుంది. అందుకని విజయవాడ చుట్టాలు మెచ్చుకున్న పలచని జెల్ ఇక్కడ పనిచేయకపోవచ్చు. కలబంద జెల్, హయలురానిక్ యాసిడ్ సీరమ్ వంటివి నీటిని పట్టుకునేవే గాని మూసి ఉంచేవి కావు. పైన ఏ మూతా లేకపోతే పొడిగాలిలో ఆ నీరు ఎగిరిపోతుంది. గ్లిజరిన్‌తో పాటు సెరమైడ్లు గాని, పెట్రోలేటం, డైమెథికోన్ వంటి మూసి ఉంచే పదార్థం గాని ఉన్న క్రీము కావాలి. పగలు తేలిక క్రీము, రాత్రి కాస్త చిక్కటిది. రాత్రి బాగా పొడిబారిన చోట మాత్రం వాసన లేని తెల్ల పెట్రోలియం జెల్లీని పలచగా అద్దవచ్చు. పగటి ఎండలో అదే జెల్లీ చెమటను ఆపి నవ పెంచుతుంది, మొటిమలు వచ్చేవాళ్ళకు చిరాకు కూడా. ఎయిర్ కూలర్, ఫ్యాన్ గాలి నేరుగా మొహానికి కొట్టకుండా మంచం తిప్పుకోండి.

నూనెల సంగతి కూడా చెప్పాలి. మన ఇళ్ళలో సులువుగా దొరికేవి వేరుశనగ నూనె, నువ్వుల నూనె. రెండింట్లోనూ ఒలీయిక్ ఆమ్లం బాగానే ఉంటుంది. ఆలివ్ నూనెలో ఇంకా ఎక్కువ. ఆ ఆమ్లం పలచబడ్డ పూతను ఇంకా వదులు చేస్తుంది. ఆవనూనె అసలే వద్దు. నూనే రాయాలనుకుంటే వాసన కలపని కొబ్బరి నూనె నయం, అది కూడా క్రీముకు బదులుగా కాదు.

లక్షణం: క్రీము రాయగానే మంట

చిట్లిన చర్మం మీద ఏది రాసినా ఒకటి రెండు నిమిషాలు చురుక్కుమంటుంది. అది తగ్గిపోతే భయం లేదు. పావుగంట దాటినా మండుతూ, ఎర్రబడి, ఉబ్బితే ఆ క్రీము పడలేదన్నమాట. యూరియా, లాక్టిక్ యాసిడ్, ప్రొపైలీన్ గ్లైకాల్, ఆల్కహాల్, సుగంధాలు ఎక్కువగా అనుమానించాల్సినవి. పాదాల పగుళ్ళకు యూరియా క్రీము మంచిదే, అదే ట్యూబు మొహానికి తేవద్దు.

కొత్త క్రీము కొన్నాక మొహానికి రాసేముందు మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్ళంత చోట, రోజుకు రెండుసార్లు, వారం రోజులు రాసి చూడండి. ఒక్కరోజు చూసి వదిలేస్తే లాభం లేదు. అలర్జీ తేలడానికి చాలాసార్లు మూడు నాలుగు రోజులు పడుతుంది. క్లెన్సర్‌ను ఇలా చర్మం మీద వదిలి పరీక్షించకూడదు, అది కడిగేయాల్సిన వస్తువు కాబట్టి ఎవరికైనా మండుతుంది.

స్నానంలో జరిగే పొరపాట్లు

చలికాలంలో కాగు నిండా పొగలు కక్కే నీళ్ళు, ఎండాకాలంలో మిద్దె మీది ట్యాంకులో కాగిన నీళ్ళు. రెండూ మొహానికి చెరుపే. మధ్యాహ్నం కొళాయి తిప్పితే వచ్చే మొదటి బకెట్టు సలసలమంటుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నే ఒక బకెట్టు పట్టి నీడన పెట్టుకోండి. స్నానం పది నిమిషాలు దాటనివ్వద్దు. బకెట్లో నూనె చుక్కలు కలుపుకోవడం వల్ల లాభం లేదు, ఆ నూనె ఒంటికన్నా గచ్చుకే ఎక్కువ అంటి కాలు జారేలా చేస్తుంది.

నుదుటి అంచున, చెవుల ముందు, దవడ పక్కన, మెడ మీద చారల్లా ఎరుపు ఉంటే తలస్నానం చేసేటప్పుడు నురుగు ఏ దారిన కారుతుందో గుర్తు చేసుకోండి. అదే దారి అయితే షాంపూయో కుంకుడు రసమో కారణం. తల వెనక్కి వాల్చి పోసుకోండి, తలపని ముందు ముగించి మొహం ఆఖరున కడగండి. జుట్టుకు రంగు వేసుకున్న ఒకటి రెండు రోజులకు కనురెప్పలు వాచి, చెవుల వెనక రసి కారితే రంగులోని పీపీడీ అనే రసాయనం వల్ల వచ్చిన అలర్జీ కావచ్చు. అలాంటప్పుడు మళ్ళీ ఆ రంగు జోలికి వెళ్ళకూడదు. నల్ల హెన్నా పొడుల్లో కూడా అది ఉండొచ్చు.

చెమట పట్టిన ప్రతిసారీ క్లెన్సర్ అక్కరలేదు. ఉత్త నీళ్ళు చల్లుకుని, అద్ది, కొంచెం క్రీము రాస్తే చాలు. ఎండకు స్కూటీ మీద కట్టుకునే స్కార్ఫ్ పాలిస్టర్‌దైతే మెత్తని నూలుదానికి మారండి, రోజూ ఉతికి, సర్ఫు పోయేదాకా రెండు నీళ్ళలో జాడించండి.

ఒక ఉదాహరణ, మొదటి నుంచి చివరిదాకా

అనంతపురంలో హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకు చదివే ఇరవై మూడేళ్ళ అమ్మాయిని అనుకుందాం. బోరు నీళ్ళు. దుమ్మని రోజుకు అయిదుసార్లు సబ్బుతో కడుగుతుంది. కలబంద జెల్ రాస్తుంది. ఆదివారం శనగపిండి, పసుపు. చెంపలు, నోటి చుట్టూ, కనురెప్పలు ఎర్రగా ఉన్నాయి.

అన్నీ ఒకేసారి కొత్తవి కొంటే ఏది పడిందో, ఏది పడలేదో తెలియదు. అందుకే మొదటి నాలుగు రోజులు తీసివేతలే. సబ్బు, జెల్, పిండి, పౌడర్ ఆపి, రెండు పూటలా ఉత్త నీళ్ళు, రాత్రి పెట్రోలియం జెల్లీ పలచగా. అదే సమయంలో కొత్త సెరమైడ్ క్రీము మోచేతి లోపల పరీక్షలో ఉంటుంది. నాలుగో రోజుకు బిగుతు తగ్గింది. అంటే సబ్బు మీద అనుమానం బలపడింది. ఎనిమిదో రోజు నుంచి క్రీము మొహానికి, రెండు పూటలా రెండున్నర వేలి కొలతలు. పన్నెండో రోజు నుంచి రాత్రి మాత్రం సిండెట్ క్లెన్సర్. మూడో వారానికి చెంపల మీద పొట్టు పోయింది, నోటి చుట్టూ ఎరుపు తగ్గింది.

కనురెప్పలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇక్కడ చాలామంది క్రీము మార్చేస్తారు. ఆగి ఆలోచించాలి: నీళ్ళూ క్లెన్సరూ మొహమంతా తగిలేవే, మరి రెప్పలకు మాత్రమే తగిలేది ఏమిటి? కాటుక, ఐలైనర్ వాడటం లేదు. మిగిలింది గోళ్ళ రంగు. చదువుతూ కళ్ళు నులుముకునే చేతికి ఆ రంగు ఉంది. గోళ్ళ రంగులోని రెసిన్ అలర్జీ గోళ్ళ దగ్గర ఏమీ చూపించకుండా పలచని కనురెప్పల మీద తేలడం చర్మ వైద్యులకు బాగా తెలిసిన సంగతి. రంగు తీసేసి మూడు వారాలు చూస్తే రెప్పలు కుదుటపడ్డాయి. పడకపోయి ఉంటే తర్వాతి మెట్టు డాక్టరు దగ్గర చేసే ప్యాచ్ టెస్టు, అంటే అనుమానం ఉన్న పదార్థాలను చర్మం మీద అంటించి ఏది పడదో చూసే పరీక్ష.

లక్షణం: ట్యూబు రాస్తే రెండు రోజుల్లో మాయం, మానితే రెట్టింపు

ఇది నీళ్ళ సమస్యా కాదు, క్రీము సమస్యా కాదు. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్న పేర్లలో ఏదైనా ఉందేమో చూడండి. అవి స్టెరాయిడ్లు. ఫంగస్ మందు, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలగలిపిన ట్యూబులను "అన్నిటికీ ఒకటే" అని చేతిలో పెడతారు. తెల్లబడటానికని అమ్మే కొన్ని క్రీముల్లోనూ మొమెటసోన్ ఉంటుంది. స్టెరాయిడ్ పూత మందులను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన బిగించింది, అయినా అడిగితే దొరుకుతూనే ఉన్నాయి. నెలల తరబడి మొహానికి రాస్తే చర్మం పలచబడి ఎర్రటి సన్న నరాలు తేలతాయి, మొటిమలు వస్తాయి, రోమాలు పెరుగుతాయి, ఎండలో అడుగు పెడితే మండుతుంది. ఆపిన కొద్ది రోజులకే మొహం ఎర్రగా ఉబ్బి, మళ్ళీ అదే ట్యూబు కోసం చెయ్యి వెళ్తుంది.

చాలా కాలం వాడి ఉంటే ఆ ట్యూబు పట్టుకుని చర్మ వైద్యుల దగ్గరకు వెళ్ళండి. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి. మొహం మీది ఎగ్జిమాకు వాళ్ళు తేలిక రకం స్టెరాయిడ్‌ను కొద్ది రోజులకు ఇవ్వొచ్చు, లేదా స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ ఇవ్వొచ్చు. టాక్రోలిమస్ మొదటి కొన్ని రోజులు మండుతుంది. పడలేదని చాలామంది అక్కడే ఆపేస్తారు. చర్మం బాగయ్యే కొద్దీ ఆ మంట తగ్గుతుందని తెలిస్తే ఓర్చుకోవచ్చు.

లక్షణం: అన్నీ సరిచేసినా వానలు పడ్డాక తిరగబెట్టడం

కనురెప్పలు, చెవుల వెనక, గడ్డం కింద, మెడ, మోచేతి మడతలు ఒకేసారి ఎర్రబడి మందంగా తయారైతే, అదీ చేల గట్లు, ఖాళీ స్థలాలు పచ్చబడిన నెలల్లో అయితే, వయ్యారిభామను అనుమానించండి. మన వైపు కాంగ్రెస్ గడ్డి అనేది అదే. దాని పొడి, సన్నటి రోమాలు గాలిలో ఎగిరి చర్మం మీద వాలతాయి. వాటిలోని పార్థెనిన్ అలర్జీ తెస్తుంది. ఎండ వల్ల వచ్చిన దద్దురైతే గడ్డం కింది నీడ భాగాన్ని, చెవుల వెనక భాగాన్ని వదిలేస్తుంది. గాలిలో వచ్చేది ఆ నీడ చోట్లను కూడా వదలదు. ఈ ఒక్క తేడా చూసుకుంటే దారి తప్పరు. ఇంటి చుట్టూ ఉన్న మొక్కను పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని, అలర్జీ లేనివాళ్ళ చేత పీకించాలి. కాల్చకూడదు. పొలం నుంచి రాగానే ఉత్త నీళ్ళతో మొహం కడిగి, బట్టలు మార్చి, క్రీము రాయాలి. దిండు గలీబులు ఆరుబయట ఆరేయకండి.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

తేనె రంగు పొక్కులు కట్టి రసి కారుతుంటే బ్యాక్టీరియా చేరిందన్నమాట. రెండు మూడు రోజుల్లో చూపించుకోవాలి. జ్వరంతో పాటు ఒకే సైజు చిన్న నీటి బుడగలు గుంపుగా లేచి, చితికాక సూదితో తవ్వినట్టు గుంటలు పడితే అది హెర్పిస్ వైరస్ ఎగ్జిమా మీద పడటం. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. కంటి దగ్గర ఉన్నా, కన్ను ఎర్రబడి చూపు మసకైనా కంటి డాక్టరుకు కూడా అదే రోజు చూపించాలి. వెళ్ళేటప్పుడు వాడుతున్న సబ్బు పెట్టె, క్రీము, షాంపూ, ట్యూబులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి.